భుజం మీది చెయ్యి నిజమేనా?

గ్రూప్ ఫోటోలో ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టడం ఈ రోజుల్లో గొప్ప విద్యేమీ కాదు. చేతులు కట్టుకుని విడిగా నిలబడ్డ మనిషైతే చుట్టూ కత్తిరించి, వెలుగూ రంగూ సరిచేసి, కాళ్ళ కింద కాస్త నీడ వేస్తే చాలామటుకు పనైపోతుంది. మన ఊళ్ళలో ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాళ్ళు రోజూ చేసే పనే ఇది. చిక్కంతా ఆ మనిషి పక్కవాడి భుజం చుట్టూ చెయ్యి వేసి ఉన్నప్పుడే. ముఖం కుదురుతుంది, ఎత్తు కుదురుతుంది, రంగు కుదురుతుంది. అయినా ఫోటో చేతికి తీసుకున్న ఇల్లాలు "ఏదో తేడాగా ఉంది బాబూ" అంటుంది. ఎక్కడ తేడా అని అడిగితే చెప్పలేదు గానీ, ఆవిడ కన్ను పట్టుకున్నది మాత్రం నిజం.

ఆ తేడా చాలాసార్లు చెయ్యి వేసినవాడిలో ఉండదు, వేయించుకున్నవాడిలో ఉంటుంది. డెబ్భై కిలోల మనిషికి ఒక్కో చెయ్యి దాదాపు మూడున్నర కిలోల బరువు. అందులో సగమైనా భుజం మీద వాలిందంటే చొక్కా ఊరికే ఉండదు. వేళ్ళ కింద గుడ్డ నొక్కుకుంటుంది, వేళ్ళ సందుల్లో చిన్న మడతలు లేస్తాయి, కాలర్ ఒక పక్కకి లాగినట్టు వంగుతుంది. భుజం కాస్త దిగుతుంది. ఇద్దరి పక్కటెముకల దగ్గర బట్టలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. కొత్త మనిషిని తెచ్చి అతికించినప్పుడు ఇవేవీ అతనితో రావు. అవన్నీ అవతలివాడి ఒంటిమీద జరిగినవి కదా. అందుకని ఇలాంటి పనికి కూర్చునేటప్పుడు నేను ముందు కొత్త మనిషిని చూడను. ఎవరి భుజం మీద చెయ్యి ఉండాలో ఆ భుజాన్ని చూస్తాను.

ఒక ఫోటో పట్టుకుని మొదటినుంచీ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. తెనాలి దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో షష్టిపూర్తి. తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. మధ్యలో తండ్రి, పట్టు పంచె, మీగడ రంగు పట్టు చొక్కా, ఎడమ భుజం మీద జరీ అంచు కండువా. పెద్దకొడుకు డాలస్‌లో ఉన్నాడు, వీసా స్టాంపింగ్ తేలక రాలేకపోయాడు. అతను నిలబడాల్సిన చోట, అంటే తండ్రికి కుడిపక్కన, అతని బాబాయి కొడుకు నిలబడ్డాడు. పెదనాన్న మెడ వెనకనుంచి ఎడమచెయ్యి పోనిచ్చి అవతలి భుజం మీద వేశాడు. మెడ వెనక దూరిన చెయ్యి కండువా మీద నాలుగు వేళ్ళుగా మళ్ళీ కనిపిస్తుంది. బొటనవేలు వెనకే ఉండిపోయింది. తల్లి కోరిక ఒక్కటే: "మా పెద్దాడి చెయ్యి వాళ్ళ నాన్న భుజం మీద ఉండాలి. పక్కన ఊరికే నిలబెడితే నాకొద్దు."

చాలామంది ఇక్కడ చేసే పని, తమ్ముడిని పూర్తిగా చెరిపేసి, అన్నని చేతితో సహా తెచ్చి పెట్టడం. అలా చేస్తే ఫోటోలో అన్నిటికంటే విలువైన సంగతిని మన చేత్తోనే పారేసుకున్నట్టు. తమ్ముడి నాలుగు వేళ్ళు ఆ కండువాని నిజంగా నొక్కాయి. జరీ అంచు ఆ వేళ్ళ కింద నిజంగా వంగింది. వేళ్ళ పక్కన పడ్డ నీడ ఆ హాల్లోని లైటు నిజంగా వేసినది. అంత నిజాన్ని చెరిపి మళ్ళీ చేత్తో గీయడం దేనికి? ఆ వేళ్ళని, వాటి చుట్టూ ఉన్న గుడ్డని అలాగే ఉంచి, వాటి వెనకున్న మనిషిని మార్చాలి.

ఇది కుదరడానికి కారణం తండ్రి మెడ. తమ్ముడి చెయ్యి భుజం దగ్గర బయలుదేరి, ఒక జానెడు దూరం కనిపించి, మెడ వెనక మాయమై, అవతల వేళ్ళుగా తేలుతుంది. మోచేయి, మణికట్టు, చొక్కా చేతి అంచు, చేతికి కట్టిన కంకణం అన్నీ మరుగునే ఉన్నాయి. కాబట్టి అన్న చేతినీ తమ్ముడి వేళ్ళనీ కలిపే అతుకు ఎవరి కంటా పడే చోట రాదు. ఇద్దరి చొక్కాలూ వేరైనా ఫర్వాలేదు. 1990లో వచ్చిన ఫోటోషాప్‌కి లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఈ పనికి అవే ప్రాణం. అన్న ఒళ్ళు ఒక లేయర్, దాని ముందు తండ్రి, ఆయన ముందు వేళ్ళు. ఒకే చెయ్యి సగం తండ్రికి వెనక, సగం ముందు ఉందంటే ఆ వరస తప్పకూడదు. అంతకుముందు రోజుల్లో కత్తెరతో ప్రింటు కోసి, అతికించి, అంచులకు రంగు దిద్ది, మళ్ళీ ఫోటో తీసేవాళ్ళు.

అయితే వేళ్ళు తమ్ముడివని ఎవరూ పోల్చుకోకూడదు. ఇక్కడ చూడాల్సినవి చిన్నవే గానీ, ఇంట్లోవాళ్ళు సరిగ్గా వాటినే చూస్తారు. తమ్ముడి ఉంగరం వేలికి ఎర్ర రాయి ఉంగరం ఉంది. అన్నకి ఉంగరం అలవాటు లేదు. దాన్ని తీసి, అదే వేలి పైభాగంలోని చర్మాన్ని క్లోన్ స్టాంప్‌తో అక్కడ నింపాలి. కణుపు దగ్గరి గీతల్ని మాత్రం ముట్టుకోకూడదు, అవి పోతే వేలు మైనంలా నున్నగా తేలుతుంది. తర్వాత రంగు. తమ్ముడు అన్నకంటే ఒక ఛాయ తెలుపు. వేళ్ళకు మాత్రమే వర్తించేలా కర్వ్స్‌తో ఆ ఛాయ తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది అన్న ముఖాన్ని చూసి తేల్చకూడదు. మనలో చాలామందికి ముఖం కంటే చేతులు నల్లగా ఉంటాయి. ముఖం ఛాయ తెచ్చి వేళ్ళకి పెడితే చెయ్యి వేరే మనిషిది అయిపోతుంది. అన్న రెండో చెయ్యి, కిందికి వేలాడుతున్నది, ఫోటోలో కనిపిస్తూనే ఉంటుంది. దానితో సరిచూసుకోవాలి.

ఇక అన్న ఫోటో సంగతి. ఇంట్లో ఉన్న ఏదో ఒక ఫోటో ఇస్తామన్నారు. బీచ్‌లో నవ్వుతూ నిలబడ్డ ఫోటో ఒకటి, ఆఫీసు బ్యాడ్జితో ఉన్నది ఒకటి. రెండూ పనికిరావు. రెండిట్లోనూ చేతులు కిందికి వేలాడుతున్నాయి. చెయ్యి పైకి లేస్తే ఒక్క చెయ్యే లేవదు. దానితో పాటు మెడ ఎముక బయటి కొస లేస్తుంది, వీపు మీది రెక్క ఎముక తిరుగుతుంది. చెయ్యి ఎంత లేచిందో అందులో సుమారు మూడో వంతు ఆ రెక్క తిరగడం వల్ల వచ్చేదే. దాంతో ఆ పక్క మెడ పొట్టిగా కనిపిస్తుంది, చొక్కా భుజం కుట్టు చెవి వైపు జరుగుతుంది, నడుం దగ్గర్నుంచి చంక దాకా గుడ్డ ఏటవాలుగా లాక్కుంటుంది. వేలాడే చేతుల ఫోటో తెచ్చి చేతిని మాత్రం విడిగా వంచి అతికిస్తే, భుజం కింద ఉంటుంది, చెయ్యి పైన ఉంటుంది. పప్పెట్ వార్ప్‌లాంటి పనిముట్లు చేతిని వంచగలవు గానీ ఆ లాగుడు మడతల్ని పుట్టించలేవు.

కాబట్టి కొత్త ఫోటో తీసుకోమని డాలస్‌కి కబురు పెట్టాం. ఇలాంటి పనిలో సగం ఈ కబురులోనే ఉంది. తెనాలిలో కెమెరాకీ వరసకీ మధ్య దూరం సుమారు పదిహేను అడుగులు. ఫోను కూడా అంతే దూరంలో, ఛాతీ ఎత్తులో ఉండాలి. ముక్కు, చెవులు, భుజాలు ఒకదానితో ఒకటి ఏ నిష్పత్తిలో కనిపిస్తాయన్నది లెన్సుని బట్టి కాదు, దూరాన్ని బట్టి ఉంటుంది. రెండడుగుల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆ తలని పదిహేను అడుగుల గుంపులో పెడితే ఎంత దిద్దినా ఇమడదు. దూరం నుంచి తీస్తే మనిషి చిన్నగా వస్తాడనుకుంటే 2ఎక్స్ నొక్కుకోవచ్చు, ముందుకి మాత్రం నడవకూడదు. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అది వెనకభాగాన్ని మసక చేసే క్రమంలో జుట్టునీ వేళ్ళ అంచుల్నీ తినేస్తుంది. ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే పిక్సెళ్ళు కుదించుకుపోతాయి.

హాల్లో ఫ్లాష్ గొడుగు ఫోటోకి ఎడమవైపు ఉంది. అందరి ముక్కుల నీడా కుడికి పడింది. కాబట్టి అబ్బాయి పెద్ద కిటికీ దగ్గర, కిటికీ తన కుడిచేతి వైపు కాస్త ముందుగా ఉండేట్టు నిలబడాలి. ఒక ఫోటోలో తెల్లకాగితం పట్టుకోవాలి. కిటికీ వెలుగులోని నీలి ఛాయ ఎంతో ఆ కాగితం చెబుతుంది, దాన్ని హాలు పసుపు వెలుగుకి మార్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి కోరిక. తండ్రి ఎత్తున్న స్నేహితుడిని ఎవరినైనా పక్కన నిలబెట్టి, అతని భుజం మీద నిజంగా చెయ్యి వేసి, బరువు వదలాలి. గాల్లో చెయ్యి లేపి పట్టుకుంటే కండ బిగుస్తుంది, ఒళ్ళు నిటారుగా ఉంటుంది. బరువు వాల్చినవాడి నడుం కాస్త పక్కకి ఒరుగుతుంది, తల కూడా అటే వంగుతుంది. తండ్రిని అతను నిజంగా పట్టుకున్నాడని చెప్పేది ఆ ఒరుగుడే.

కెనడాలో విలియం నోట్‌మన్ స్టూడియో 1870లో మాంట్రియల్ స్కేటింగ్ ఉత్సవాన్ని ఫోటోగా చేసినప్పుడూ పద్ధతి ఇదే. మంచు మైదానం మీద కదులుతున్న జనాన్ని ఆనాటి కెమెరా పట్టలేదు. అందుకని దాదాపు మూడు వందల మందిని వేషాలతో స్టూడియోకి రప్పించి, ఎవరి చోటు ఎక్కడో ముందే అనుకుని, దానికి తగ్గ నిలుపుతో విడివిడిగా తీసి, కత్తిరించి ఒక పెద్ద బొమ్మగా అతికించారు. ఉన్న ఫోటోని సాగదీసి ఇరికించడం కంటే చోటుకి సరిపడే ఫోటో తీసుకోవడం తేలికని నూటయాభై ఏళ్ళ కిందటే తెలిసినవాళ్ళు వాళ్ళు.

డాలస్ ఫోటో వచ్చాక మొదటి పని కొలత. తండ్రి అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 66 అంగుళాలు. ఫోటోలో అరికాలి నుంచి తల దాకా 2200 పిక్సెళ్ళు ఉన్నాడు. అంగుళానికి 33, సెంటీమీటరుకి 13 పిక్సెళ్ళని తేలింది. కొడుకు నాలుగు అంగుళాలు పొడుగు, కాబట్టి అతను సుమారు 2330 ఉండాలి. ఇద్దరి పాదాలూ ఒకే వరసలో ఉన్నాయి గనుక ఈ లెక్క నిలుస్తుంది. కంటి అంచనాతో పెడితే కొడుకు ముఖం తండ్రి ముఖం కంటే పెద్దదయ్యేది.

రెండో కొలత చేతిది. భుజం కీలు నుంచి వేళ్ళ కొసల దాకా మామూలు మగమనిషికి 70 సెంటీమీటర్లు, ఆ పైన కాస్త. ఒళ్ళూ ఒళ్ళూ తగిలేట్టు నిలబడ్డప్పుడు కొడుకు ఎడమ భుజం నుంచి తండ్రి అవతలి భుజానికి సూటిగా 50 సెంటీమీటర్లు, అంటే 650 పిక్సెళ్ళ దూరం. చెయ్యి చక్కగా అందుతుంది, వెనక మోచేయి కాస్త వంగడానికి కూడా చోటు మిగులుతుంది. అదే కొడుకుని తండ్రికి అడుగు దూరంలో పెడితే ఆ వేళ్ళు అందాలంటే 80 సెంటీమీటర్ల చెయ్యి కావాలి. మెడ వెనక చెయ్యి కనిపించదు కదా అని చాలామంది ఈ సంగతి వదిలేస్తారు. చూసేవాడు లెక్క వెయ్యడు, నిజమే. అయినా అంత పొడుగు చెయ్యి ఎవరికీ ఉండదని అతని ఒంటికి తెలుసు.

ఇక్కడొక హద్దు చెప్పాలి. తమ్ముడు అయిదడుగుల ఏడు, అన్న అయిదడుగుల పది. మూడంగుళాల తేడాకి తమ్ముడి వేళ్ళని ఉంచుకోవచ్చు. ఆరేడు అంగుళాలైతే కుదరదు. పొడుగువాడి చెయ్యి భుజం మీదికి పైనుంచి దిగుతుంది, వేళ్ళతో పాటు అరచేతి వెనకభాగం కూడా కొంత కనిపిస్తుంది, వేళ్ళు ఛాతీ మీదికి జారతాయి. పొట్టివాడి చెయ్యి కిందినుంచి ఎక్కుతుంది, వేళ్ళ కొసలే తేలతాయి. ఆ కోణం తప్పితే ఏ నీడా దాన్ని కాపాడలేదు.

అన్నని తండ్రి వెనక లేయర్లో పెట్టి, అన్న పక్కటెముకల మీదికి తండ్రి చొక్కా వచ్చేట్టు మాస్క్ గీశాం. భుజం దగ్గర మాత్రమే తగిలించి నడుం దగ్గర ఖాళీ వదిలితే పని చెడుతుంది. కౌగిలి లాంటి నిలుపులో చెయ్యి కంటే ముందు ఒళ్ళు తగులుతుంది. తమ్ముడి ఆకారం అన్న వెనకనుంచి ఎక్కడైనా బయటికి వస్తే, అక్కడి గోడనీ పూల తోరణాన్నీ అదే కెమెరా తీసిన ఇంకో ఫ్రేములోంచి తెచ్చుకోవచ్చు. తమ్ముడిని పూర్తిగా తీసెయ్యలేదు. అతను విడిగా నిలబడ్డ ఫ్రేము ఉంటే దాన్ని వరస చివర పెట్టాం. ఇదంతా అతన్ని అడిగి, ఒప్పుకున్నాకే చేశాం. పండగనాడు పెదనాన్న పక్కన నిలబడ్డవాడిని చెప్పకుండా చెరిపెయ్యడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు నీడ. వేళ్ళ కింది నీడ పాతదే గనుక దాని జోలికి పోనక్కర్లేదు. కొత్తగా నీడ కావలసింది అన్న చొక్కా చెయ్యి తండ్రి మెడ వెనక దూరే చోట, ఇద్దరి ఒళ్ళూ ఒత్తుకున్న గీత పొడుగునా. గదిలో వెలుగు లైటు నుంచే కాదు, గోడల నుంచీ కప్పు నుంచీ నేల నుంచీ అన్ని దిక్కులా వస్తుంది. రెండు వస్తువులు దగ్గరవుతున్నకొద్దీ ఆ దిక్కులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. తగిలిన చోట దాదాపు ఏ వెలుగూ చేరదు. అందుకే తాకిడి గీత సన్నగా, చాలా చీకటిగా ఉండి, సెంటీమీటరు లోపే కరిగిపోతుంది. మన ఫోటోలో సెంటీమీటరంటే 13 పిక్సెళ్ళు. కాబట్టి మధ్యలో మూడు నాలుగు పిక్సెళ్ళ గట్టి గీత, అది పదమూడు దాటకముందే మాయమవ్వాలి. దీనికి ఒక లేయర్, మల్టిప్లై మోడ్‌లో.

రెండో నీడ వేరే లేయర్లో, లైటు వేసే నీడ. అది వెడల్పుగా, మెత్తగా, లైటుకి అవతలి వైపుకి జరిగి ఉంటుంది. దీని బలం పదిహేను, ఇరవై శాతానికి మించకూడదు. ఈ రెండు నీడల్నీ ఒకటే బ్రష్షుతో ఒకటే మెత్తదనంతో వేసెయ్యడం వల్లే ఎక్కువ ఫోటోలు పాడవుతాయి. మనిషి చుట్టూ సమానంగా బూడిదరంగు మసి అలుముకుని, గోడకి అంటించిన స్టిక్కర్‌లా కనిపిస్తాడు. రంగు కూడా నలుపు కాదు. మీగడ రంగు పట్టు మడతలో చీకటి గోధుమ రంగులో ఉంటుంది. ఆ చొక్కాలోనే అన్నిటికంటే లోతైన మడత వెతికి, దాని రంగు తీసుకుని, దానితోనే నీడ వెయ్యాలి.

అందరూ మరిచేది ఇంకొకటుంది. తమ్ముడి తల నీడ తండ్రి కుడి భుజం మీద మెత్తగా పడింది. అన్న మూడంగుళాలు పొడుగు గనుక ఆ నీడ కాస్త పైకి, కాలర్ వైపుకి జరగాలి. లైటు గొడుగు వల్ల అంచు మెత్తగా ఉంది, కొంచెం జరిపితే సరిపోయింది. గొడుగు లేని గట్టి ఫ్లాష్ అయితే ఆ నీడలో తమ్ముడి చెవి ఆకారం కూడా ఉండేది, అప్పుడు దాన్ని తుడిచి కొత్తది గీయక తప్పదు.

చివరగా గరుకుదనం. హాల్లో వెలుగు చాలక కెమెరా ఐఎస్ఓ పెంచారు, ఫోటో అంతటా సన్నని రవ్వ ఉంది. ఫోను ఫోటో నున్నగా ఉంది. అన్నకి కూడా అంతే రవ్వ కలిపితేగాని ఇద్దరూ ఒకే గాలి పీల్చినట్టుండదు. సరిచూడటానికి ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. రంగు పోగానే, ఎవరు ఎక్కువ వెలుగులో ఉన్నారో దాగదు. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిప్పి కూడా చూడాలి, అలవాటుపడ్డ కన్ను అప్పుడు మళ్ళీ కొత్తగా చూస్తుంది.

అసలు వేళ్ళు లేకపోతే? ఇదే ఫోటోలో తల్లి పక్కన కోడలు ఊరికే నిలబడింది. ఆవిడ బదులు డాలస్ కోడలిని పెట్టి, అత్తగారి భుజం మీద చెయ్యి వేయించమన్నారనుకుందాం. ఆ భుజాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తల్లి కట్టుకున్నది ఎర్ర కంచిపట్టు. పట్టు మడత నూలు మడతలా మెత్తగా కూలదు, గట్టి గట్లుగా విరుగుతుంది. మీది మెరుపు గీత వేలు తగిలిన చోట తెగి, పక్కనుంచి మళ్ళీ మొదలవుతుంది. ఇవన్నీ లిక్విఫైతో గుడ్డని అటూ ఇటూ తోసి పుట్టించాలంటే పెద్ద పనివాడికి కూడా కష్టం.

దీనికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. ఆ చీర ఇంట్లోనే ఉంటుంది. అదే చీర తల్లికి కట్టించి, అదే వైపు నుంచి వెలుగు పడేట్టు నిలబెట్టి, కోడలి చేతికి దగ్గరగా ఉండే చెయ్యి ఉన్న ఇంకో ఆడమనిషి చేత భుజం మీద చెయ్యి వేయించి, ఆ భుజం ఒక్కటీ ఫోటో తియ్యాలి. తర్వాత కత్తిరించేటప్పుడు వేళ్ళ అంచు వెంబడి కోయకూడదు. వేళ్ళకి రెండు మూడంగుళాల అవతల, చీర గుడ్డలో, మడతలు సద్దుమణిగిన చోట కోయాలి. అప్పుడు వేళ్ళతో పాటు వాటి ఒత్తిడి, మడతలు, నీడ, విరిగిన మెరుపు అన్నీ ఒక్క ముక్కగా వస్తాయి. చీర మీద చీర అతకడం తేలిక, చర్మం అంచు మీద నిజం పుట్టించడం కష్టం. ఎర్రచీర తన రంగుని వేళ్ళ అడుగుభాగం మీదికి విసురుతుంది, ఆ ఎర్రజీర కూడా ముక్కలోనే ఉంటుంది. చేతులు వేరే ఫోటోలోంచి తెచ్చినవైతే ఆ ఎరుపుని విడిగా, కలర్ మోడ్‌లో అయిదు నుంచి పది శాతం బలంతో పూయాలి. కుర్చీ వీపు మీద వేసిన చేతినో, బల్ల మీద పెట్టిన చేతినో తెచ్చి భుజం మీద పెడితే వేళ్ళే పట్టిస్తాయి. భుజం గుండ్రం. దాని మీద నాలుగు వేళ్ళూ నాలుగు రకాలుగా వంగుతాయి, నొక్కిన వేలి గోరు కొస తెల్లబడుతుంది.

చీర దొరక్క, వెలుగు కుదరక, చెయ్యి ఉన్న ఫోటో ఏదీ లేకపోతే నేను చెయ్యి వేయించే పని ఒప్పుకోను. పక్కన దగ్గరగా నిలబెడతాను. తగలని చేతిని తగిలినట్టు చూపిస్తే ఆ తల్లి ఫోటో తీసుకెళ్ళి గోడకి వేసుకుని, రోజూ అటువైపు చూసి ఏదో తేడా అనుకుంటూనే ఉంటుంది.

ప్రింటుకి ముందు ఇంకో పని. తెర వెనకనుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర మీద సరిగ్గా ఉన్న తాకిడి నీడ కాగితం మీద నల్లగీత అవుతుంది. పన్నెండు బై పద్ధెనిమిది ప్రింటు పూర్తిగా వేసేముందు, తండ్రి మెడా రెండు భుజాలూ ఉన్న భాగాన్ని అదే కొలతలో కత్తిరించి చిన్న కాగితం మీద వేయించి, పగటి వెలుగులో చూశాం. రెండో నీడ బలం ఇరవై నుంచి పన్నెండుకి దించాక సరిపోయింది.

ఈ పని తెలిసినవాళ్ళకి దాని వెనకవైపు కూడా తెలుస్తుంది. ఫలానా నాయకుడు నా భుజం మీద చెయ్యి వేశాడంటూ ఫ్లెక్సీలకెక్కే ఫోటోలు, ఎవరి పక్కనో ఎవరినో పెట్టి పరువు తీసే మార్ఫింగ్ ఫోటోలు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటిది కంటపడితే ముఖాల దగ్గర వెతకడం వృథా, వాటి మీదే చేసినవాడు ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉంటాడు. చెయ్యి వేయించుకున్నవాడి చొక్కా చూడండి. వేళ్ళ చుట్టూ గుడ్డ ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉందా? చొక్కా గళ్ళు, గీతలు వేళ్ళ కిందికి వంకర లేకుండా సూటిగా పోయాయా? వేళ్ళ చుట్టూ నీడ అన్ని వైపులా ఒకేలా ఉందా? చెయ్యి లేపినవాడి భుజం కుట్టు లేచిందా, రెండు భుజాలూ ఒకే మట్టంలో ఉన్నాయా? ఇద్దరి నడుముల మధ్య వెనక గోడ కనిపిస్తోందా? మెడ వెనక దాగిన చెయ్యి ఎంత పొడుగుంటే అక్కడికి అందుతుందో ఒకసారి వేలితో కొలిచి చూడండి. వరసలో ఉన్న చేతులన్నిటికీ మనుషులున్నారో లేదో కూడా లెక్కపెట్టాలి. మనిషిని చెరిపినవాడు పక్కవాడి భుజం మీద అతని వేళ్ళు మరిచిపోవడం మామూలే.

వీటిలో ఏ ఒక్కటీ దానికదే రుజువు కాదు. గట్టి గంజి పెట్టిన ఖద్దరు చొక్కా నిజంగా చెయ్యి వేసినా పెద్దగా నలగదు. మొహమాటపడేవాడు చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెడతాడు, అప్పుడు మడతలు రావు. ఫోనులో పదిసార్లు చేతులు మారిన ఫోటోలో సన్నని నీడలు ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి. అందుకని వీలైతే ముందూ వెనకా ఫ్రేములు అడగాలి. గ్రూప్ ఫోటోని ఏ ఫోటోగ్రాఫరూ ఒక్కటి తీసి ఊరుకోడు. ఎవరో కళ్ళు మూసుంటారని వరసగా నాలుగైదు తీస్తాడు. చెయ్యి నిజంగా వేసి ఉంటే, వాటిలో ఒకదాంట్లో ఆ చెయ్యి భుజం మీదికి వస్తూనో, భుజం మీంచి దిగుతూనో, కండువా ఇంకా సర్దుకోకుండానో కనిపిస్తుంది.